షెడ్యూలర్‌కు కనిపించని క్యూ: ప్రాసెస్ షెడ్యూలింగ్, డెడ్‌లాక్ ఎక్కడ కలుస్తాయి?

ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సులో సీపీయూ షెడ్యూలింగ్ ఒక యూనిట్, డెడ్‌లాక్ మరో యూనిట్. మొదటిదానిలో గాంట్ చార్ట్ గీసి సగటు వెయిటింగ్ టైమ్ లెక్కకడతారు. రెండోదానిలో నాలుగు షరతులు రాసి, బ్యాంకర్స్ అల్గారిథం పట్టిక నింపుతారు. పరీక్షకు అంతవరకు చాలు. కానీ నడుస్తున్న ప్రోగ్రామ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే, కారణం చాలాసార్లు ఈ రెండు యూనిట్ల మధ్య గీసిన గీత మీదే దొరుకుతుంది. అందుకే రెండు పాఠాలనూ ఒకే లెక్చర్‌గా కలిపి, ఒకే ప్రశ్న చుట్టూ ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుందాం. ఆ ప్రశ్న ఇది: తర్వాత ఎవరిని నడిపించాలో షెడ్యూలర్ నిర్ణయించేటప్పుడు దానికి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు?

ప్రాసెస్‌కు ప్రధానంగా మూడు స్థితులుంటాయి. సీపీయూ మీద నడుస్తుంటే రన్నింగ్. నడవడానికి సిద్ధంగా ఉండి వంతు కోసం చూస్తుంటే రెడీ. డిస్క్ నుంచి డేటా రావాలనో, ఎవరో లాక్ వదలాలనో ఆగి ఉంటే వెయిటింగ్. షెడ్యూలర్ ఎంపిక చేసేది రెడీ క్యూలో ఉన్నవాళ్లలోంచి మాత్రమే. వెయిటింగ్‌లో ఉన్న ప్రాసెస్ ఎంత ముఖ్యమైనదైనా, దాని ప్రయారిటీ ఎంత పెద్దదైనా, షెడ్యూలర్ లెక్కలో అది లేనట్టే. అది ఎదురుచూస్తున్న సంఘటన జరిగి, కెర్నల్ దాన్ని మళ్లీ రెడీ క్యూలో చేర్చాకే షెడ్యూలర్ దృష్టికి వస్తుంది. మిగతా పాఠమంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది.

ముందు రెడీ క్యూ లోపలి లెక్క చూద్దాం. పి1, పి2, పి3 అనే మూడు ప్రాసెస్‌లు ఒకేసారి వచ్చాయి. వాటికి వరుసగా 8, 4, 2 మిల్లీసెకన్ల సీపీయూ సమయం కావాలి. వచ్చిన వరుసలోనే నడిపితే, అంటే ఫస్ట్ కమ్ ఫస్ట్ సర్వ్ పద్ధతిలో, పి1 అసలు ఆగదు, పి2 8 మిల్లీసెకన్లు ఆగుతుంది, పి3 12 ఆగుతుంది. సగటు 6.67. రెండే రెండు మిల్లీసెకన్ల పని ఉన్న పి3కి అన్నిటికంటే ఎక్కువ నిరీక్షణ. చిన్న పని ముందు అనే షార్టెస్ట్ జాబ్ ఫస్ట్ పద్ధతిలో పి3, పి2, పి1 వరుసలో నడుస్తాయి. నిరీక్షణ 0, 2, 6. సగటు 2.67కి పడిపోతుంది. ఒకేసారి వచ్చిన పనులకు ఇంతకంటే తక్కువ సగటు ఇచ్చే వరుస మరొకటి లేదు. పక్కపక్కన ఉన్న రెండు పనుల్లో పెద్దది ముందుంటే వాటిని తారుమారు చేసి చూడండి, మొత్తం నిరీక్షణ తగ్గి తీరుతుంది. రుజువు అంతే.

రౌండ్ రాబిన్ 2 మిల్లీసెకన్ల క్వాంటమ్‌తో ఏం చేస్తుంది? ఒక్కొక్కరికి రెండేసి మిల్లీసెకన్లు ఇచ్చి తిప్పుతుంది. పి3 6వ మిల్లీసెకనుకు, పి2 10కి, పి1 14కి ముగుస్తాయి. ముగిసిన సమయంలోంచి పని సమయాన్ని తీసేస్తే నిరీక్షణ వస్తుంది: పి1కి 6, పి2కి 6, పి3కి 4. సగటు 5.33. షార్టెస్ట్ జాబ్ ఫస్ట్‌తో పోలిస్తే ఇది ఓడిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ప్రతి ప్రాసెస్ మొదటిసారి సీపీయూ మీదికి ఎప్పుడు ఎక్కిందో చూస్తే 0, 2, 4. ఎంత పెద్ద పని పక్కన ఉన్నా ఎవరూ 4 మిల్లీసెకన్లకు మించి మొదటి వంతు కోసం చూడలేదు. కీబోర్డు మీద అక్షరం కొట్టిన మనిషికి కావాల్సింది ఈ అంకె, అంటే రెస్పాన్స్ టైమ్, సగటు నిరీక్షణ కాదు. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు ఉండదు. ఏ కొలతలో అని ముందు అడగాలి. విద్యార్థులు మార్కులు పోగొట్టుకునేది కూడా ఎక్కువగా ఇక్కడే, వెయిటింగ్ టైమ్‌నీ రెస్పాన్స్ టైమ్‌నీ ఒకటే అనుకోవడం వల్ల.

షార్టెస్ట్ జాబ్ ఫస్ట్‌కి ఒక పెద్ద చిక్కు ఉంది. ఏ పనికి ఎంత సమయం పడుతుందో ముందే తెలియాలి. నిజానికి ఎవరికీ తెలియదు. అందుకని గతాన్ని చూసి అంచనా వేస్తారు: కిందటిసారి పట్టిన సమయానికి కొంత బరువు, అంతకుముందు వేసిన అంచనాకు కొంత బరువు ఇచ్చి కలుపుతారు. అంచనా తప్పితే ఏమవుతుంది? ఎవరో కొంచెం ఎక్కువసేపు ఆగుతారు. అంతకంటే నష్టం లేదు. ఈ మాట గుర్తుంచుకోవాలి, బ్యాంకర్స్ అల్గారిథం దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇక లాకుల సంగతి. ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరికి దొరకని లాక్‌ను మ్యూటెక్స్ అంటారు. ఒక బ్యాంకు సర్వర్‌లో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు మార్చే ఫంక్షన్ ఇలా రాశారనుకుందాం:

```c
void transfer(account *from, account *to, long amt)
{
    pthread_mutex_lock(&from->m);
    pthread_mutex_lock(&to->m);
    from->bal -= amt;
    to->bal   += amt;
    pthread_mutex_unlock(&to->m);
    pthread_mutex_unlock(&from->m);
}
```

చదివితే తప్పేమీ కనిపించదు. రెండు ఖాతాలనూ లాక్ చేసి, డబ్బు మార్చి, లాకులు వదిలేస్తోంది. కానీ ఒక థ్రెడ్ 101వ ఖాతా నుంచి 202వ ఖాతాకి, అదే సమయంలో ఇంకో థ్రెడ్ 202 నుంచి 101కి డబ్బు పంపుతున్నాయనుకోండి. మొదటి థ్రెడ్ 101 లాక్ తీసుకుంది. రెండో లాక్ అడిగేలోపు దాని క్వాంటమ్ అయిపోయింది. షెడ్యూలర్ దాన్ని దించి రెండో థ్రెడ్‌ను ఎక్కించింది. అది 202 లాక్ తీసుకుని, 101 అడిగింది. 101 మొదటి థ్రెడ్ చేతిలో ఉంది కాబట్టి రెండోది వెయిటింగ్‌లోకి వెళ్లింది. మొదటి థ్రెడ్ మళ్లీ ఎక్కి 202 అడిగింది. అది రెండోదాని దగ్గరుంది. ఇదీ వెయిటింగ్‌లోకి వెళ్లింది. ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఎప్పటికీ కదలని ఈ స్థితే డెడ్‌లాక్. ఇప్పుడు రెడీ క్యూలో ఈ రెండూ లేవు. ఇకమీదట షెడ్యూలర్ ఎంత న్యాయంగా, ఎంత తెలివిగా పనిచేసినా వీటిని నడిపించలేదు, ఎందుకంటే అవి దాని జాబితాలోనే లేవు. డెడ్‌లాక్‌కూ స్టార్వేషన్‌కూ తేడా ఇదే. స్టార్వేషన్‌లో ప్రాసెస్ రెడీగా ఉండి కూడా వంతు దక్కక మాడిపోతుంది. షెడ్యూలింగ్ పద్ధతి మారిస్తే అది తీరుతుంది. డెడ్‌లాక్‌ను ఏ షెడ్యూలింగ్ పద్ధతీ తీర్చదు.

ఇలాంటి తప్పు పరీక్షల్లో ఎందుకు బయటపడదో కూడా షెడ్యూలింగే చెబుతుంది. ఒకే సీపీయూ ఉన్న యంత్రంలో మొదటి లాక్‌కూ రెండో లాక్‌కూ మధ్య సందు 50 నానోసెకన్లు, టైమ్ స్లైస్, అంటే క్వాంటమ్, 4 మిల్లీసెకన్లు అనుకుందాం. ఆ సందు స్లైస్‌లో 80,000వ వంతు. సరిగ్గా అక్కడే ప్రీఎంప్షన్ జరగాలి, అంటే నడుస్తున్న థ్రెడ్‌ను షెడ్యూలర్ మధ్యలో దించేయాలి, పైగా ఎదురు దిశలో డబ్బు పంపే థ్రెడ్ అప్పుడే రావాలి. రోజంతా టెస్టు చేసినా రాకపోవచ్చు. అదే అనేక కోర్లున్న సర్వర్ మీద ప్రీఎంప్షన్ అవసరమే లేదు. రెండు థ్రెడ్‌లు రెండు కోర్ల మీద నిజంగానే ఒకేసారి నడుస్తాయి, సెకనుకు వేల లావాదేవీలు జరుగుతాయి. లాప్‌టాప్ మీద కనిపించని తప్పు సర్వర్ మీద మొదటి వారంలోనే బయటపడేది అందుకే. మధ్యలో `usleep(1000)` లాంటి చిన్న నిద్ర పెట్టి సందును కావాలని పెంచితే, ఇదే కోడ్ ఎవరి యంత్రం మీదైనా చూస్తుండగానే ఆగిపోతుంది. ల్యాబ్‌లో ఒకసారి చేసి చూడదగ్గ ప్రయోగం ఇది.

కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ 1971లో రాసిన పత్రంలో నాలుగు షరతులు చెప్పారు. అవి నాలుగూ కలిస్తేనే డెడ్‌లాక్. పై ఉదాహరణలోనే నాలుగూ కనిపిస్తాయి. ఒక లాక్ ఒకసారి ఒక్కరి దగ్గరే ఉంటుంది. చేతిలో ఒకటి పట్టుకుని ఇంకోటి అడుగుతారు. ఒకరి చేతిలోని లాక్‌ను బలవంతంగా లాక్కోలేం. మొదటివాడు రెండోవాడి కోసం, రెండోవాడు మొదటివాడి కోసం చూసే వలయం ఏర్పడుతుంది. వీటిని కంఠస్థం చేయడం కంటే, దేన్ని తీసేయడం చవక అని ఆలోచించడం మేలు. మొదటి షరతును తీసేస్తే ఖాతా లెక్కే తప్పుతుంది. రెండోదాన్ని తీసేయాలంటే కావాల్సిన లాకులన్నీ ఒక్కసారే తీసుకోవాలి. ఏవేవి కావాలో ముందే తెలియని చోట అది కుదరదు. మూడోది, అంటే లాక్కోవడం, జరిగిన పనిని వెనక్కి తిప్పగలిగే డేటాబేస్‌లో సాధ్యం, సాధారణ మ్యూటెక్స్‌తో కాదు. మిగిలింది వలయం. దాన్ని తెంచడానికి ఈ కొద్ది లైన్లు చాలు:

```c
if (from == to) return;
account *a = from->id < to->id ? from : to;
account *b = from->id < to->id ? to : from;
pthread_mutex_lock(&a->m);
pthread_mutex_lock(&b->m);
```

ఎవరు ఎటు డబ్బు పంపినా చిన్న నంబరు ఖాతానే ముందు లాక్ అవుతుంది. వలయం ఏర్పడాలంటే ఎవరో ఒకరు పెద్ద నంబరు పట్టుకుని చిన్న నంబరు అడగాలి. ఈ కోడ్‌లో అలా ఎవరూ అడగరు. మొదటి లైన్‌ను చాలామంది మరిచిపోతారు. ఒకే ఖాతాకు తనలోంచే తనకు బదిలీ వస్తే, సాధారణ మ్యూటెక్స్‌ను ఒకే థ్రెడ్ రెండోసారి అడిగి తన కోసం తానే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. రెండో మనిషి లేకుండానే డెడ్‌లాక్.

లినక్స్ కెర్నల్ లోపల వేలాది లాకులకు ఇదే క్రమశిక్షణ పాటిస్తారు. దాన్ని కాపలా కాయడానికి 2006 నుంచి `lockdep` అనే తనిఖీ వ్యవస్థ ఉంది. దాని గొప్పతనం ఏమిటంటే డెడ్‌లాక్ జరిగేదాకా ఆగదు. ఒకచోట మొదటి రకం లాక్ పట్టుకుని రెండో రకం అడిగారు, మరెప్పుడో ఇంకోచోట రెండో రకం పట్టుకుని మొదటిది అడిగారు అని గమనిస్తే చాలు, ఈ వరుసల్లో వలయం ఉందని హెచ్చరిస్తుంది. ఆ రెండూ ఒకే సమయంలో జరగనక్కరలేదు. 80,000వ వంతు సందులో ప్రీఎంప్షన్ పడేదాకా కాచుకుని కూర్చునే పని తప్పుతుంది.

ఇక బ్యాంకర్స్ అల్గారిథం. 1960ల మధ్యలో డైక్‌స్ట్రా ఇచ్చిన ఆలోచన ఇది. వలయం రాకుండా నియమం పెట్టే బదులు, ప్రతి అభ్యర్థన దగ్గరా ఆగి, ఇస్తే ముందుముందు ఇరుక్కుంటామా అని లెక్క వేస్తుంది. ఒకే రకం వనరు 11 యూనిట్లు ఉన్నాయనుకుందాం. ఎ దగ్గర 4 ఉన్నాయి, దానికి గరిష్ఠంగా 8 కావాలి. బి దగ్గర 1, గరిష్ఠం 3. సి దగ్గర 3, గరిష్ఠం 9. మొత్తం 8 ఇచ్చేశాం, 3 మిగిలాయి. ఇంకా కావాల్సినవి వరుసగా 4, 2, 6. ఉన్న 3లోంచి బికి 2 ఇచ్చి ముగించనిస్తే, దాని 1 కూడా తిరిగొచ్చి చేతిలో 4 ఉంటాయి. వాటితో ఎ ముగుస్తుంది, చేతిలో 8 అవుతాయి. వాటిలోంచి సికి 6 ఇవ్వొచ్చు. అందరూ ముగిసే వరుస ఒకటి దొరికింది కాబట్టి ఇది సేఫ్ స్థితి.

ఇప్పుడు సి ఇంకొక్క యూనిట్ అడిగింది. చేతిలో 3 ఉన్నాయి కాబట్టి ఇవ్వగలం. ఇస్తే చేతిలో 2 మిగులుతాయి, సికి ఇంకా 5 కావాలి. బి ముగుస్తుంది, చేతిలో 3 అవుతాయి. ఎకి 4 కావాలి, సికి 5 కావాలి. ఇద్దరికీ చాలవు. అంటే ఇది అన్‌సేఫ్. వనరు ఉండి కూడా ఇవ్వకుండా సిని ఆపేస్తుంది బ్యాంకర్. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి: అన్‌సేఫ్ అంటే డెడ్‌లాక్ అని కాదు. ఎ తన గరిష్ఠం దాకా అసలు అడగకపోవచ్చు, మధ్యలో కొన్ని తిరిగి ఇవ్వొచ్చు. అన్‌సేఫ్ అంటే అందరినీ ముగించగలమన్న హామీ మాత్రమే పోయింది.

సాధారణ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఈ పద్ధతి కనిపించకపోవడానికి కారణం లెక్క కష్టం కావడం కాదు. ప్రతి ప్రాసెస్ గరిష్ఠ అవసరం ముందే తెలియాలి, అదీ చిక్కు. షార్టెస్ట్ జాబ్ ఫస్ట్‌కీ భవిష్యత్తు తెలియాలి, బ్యాంకర్‌కీ తెలియాలి. కానీ అక్కడ అంచనా తప్పితే కొంత ఆలస్యం. ఇక్కడ గరిష్ఠాన్ని తక్కువగా అంచనా వేస్తే, ఇచ్చిన హామీయే అబద్ధమవుతుంది. పోనీ ఎక్కువగా చెబుదామంటే వనరులు ఖాళీగా పడి ఉండగా అందరినీ ఆపాల్సి వస్తుంది. ఒకదానికి అంచనా చాలు, ఇంకోదానికి చాలదు. అందుకే మొదటిది రూపం మార్చుకుని నిజ వ్యవస్థల్లో బతికింది, రెండోది ఎక్కువగా గేట్ ప్రశ్నపత్రాల్లోనే మిగిలింది.

డేటాబేస్‌లు మూడో దారి పట్టాయి. డెడ్‌లాక్‌ను రానిచ్చి, వచ్చాక పట్టుకుంటాయి. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ ఎవరు ఎవరి కోసం ఆగారో చూసి, వలయం దొరికితే ఒక లావాదేవీని బలి ఇస్తుంది. పట్టికల్లో తక్కువ అడ్డువరుసలను మార్చిన లావాదేవీని ఎంచుకునే ప్రయత్నం చేస్తుంది, వెనక్కి తిప్పడం తేలిక కాబట్టి. ప్రోగ్రామ్‌కు `ERROR 1213` వస్తుంది, లావాదేవీ మళ్లీ మొదలుపెట్టమని అందులోనే ఉంటుంది. దీన్ని `ERROR 1205`తో కలిపేసుకోకూడదు. అది వలయం కాదు, ఎవరో లాక్ పట్టుకుని డిఫాల్ట్‌గా ఉండే 50 సెకన్ల గడువు దాటేదాకా వదల్లేదని అర్థం. మొదటిదానికి మందు మళ్లీ ప్రయత్నించడం, లాకుల వరుస సరిచేయడం. రెండోదానికి ఆ లాక్‌ను అంతసేపు పట్టుకున్న లావాదేవీ ఏదో వెతకడం.

మామూలు ప్రోగ్రామ్ ఆగిపోయినప్పుడు ఏమైందో తేల్చుకోవడానికి మొదట చూడాల్సింది సీపీయూ వాడకం. థ్రెడ్‌లు ఆగిపోయి, సీపీయూ దాదాపు సున్నా ఉంటే డెడ్‌లాక్ అనుమానించొచ్చు. పని సాగకుండానే సీపీయూ 100 శాతం ఉంటే అది అంతులేని లూప్ కావొచ్చు, లేదా లాక్ దొరక్క వదిలేసి మళ్లీ మళ్లీ ప్రయత్నించే లైవ్‌లాక్ కావొచ్చు. లినక్స్ మీద తర్వాతి అడుగు:

```
gdb -p PID
(gdb) thread apply all bt
```

ప్రతి థ్రెడ్ ఏ ఫంక్షన్ దగ్గర ఆగిందో కనిపిస్తుంది. రెండు థ్రెడ్‌ల పైభాగంలో `pthread_mutex_lock` ఉండి, వాటి కింద మన `transfer` ఉంటే సగం తేలిపోయినట్టే. మ్యూటెక్స్ నిర్మాణంలోని `__owner` విలువ చూస్తే అది ఎవరి చేతిలో ఉందో థ్రెడ్ నంబరు తెలుస్తుంది. ఆ నంబర్లు ఒకదాని వెంట ఒకటి పట్టుకుని వెళ్తే వలయం కళ్లముందుకు వస్తుంది. జావా అయితే ఇంకా తేలిక, `jstack` తనే వలయాన్ని వెతికి `Found one Java-level deadlock` అని ముద్రిస్తుంది.

ఇంతవరకు షెడ్యూలర్ తప్పేమీ లేదు, అది నిస్సహాయంగా ఉంది అంతే. కానీ వలయం లేకపోయినా, లాక్‌నూ ప్రయారిటీనీ కలిపితే షెడ్యూలర్ తన నియమం ప్రకారం చక్కగా పనిచేస్తూనే వ్యవస్థను దెబ్బతీయగలదు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ అంగారకుడి మీద జరిగింది.

నాసా పంపిన మార్స్ పాత్‌ఫైండర్ 1997 జూలై 4న దిగింది. అందులోని కంప్యూటర్ వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. దాని నియమం సూటిగా ఉంటుంది: రెడీగా ఉన్న టాస్కుల్లో అత్యధిక ప్రయారిటీ ఉన్నదే నడుస్తుంది, అంతకంటే పెద్దది సిద్ధమైన క్షణంలో చిన్నదాన్ని దించేస్తారు. నౌకలోని పరికరాల మధ్య డేటా మోసే మార్గం, అంటే బస్, సెకనుకు 8 సార్లు, అంటే 125 మిల్లీసెకన్లకోసారి ఒక చక్రం పూర్తిచేసేది. దాన్ని చూసుకునే టాస్కులు రెండు. `bc_dist` వచ్చిన డేటాను అందరికీ పంచుతుంది. `bc_sched` తర్వాతి చక్రాన్ని సిద్ధం చేస్తూ, కిందటి పంపకం పూర్తయిందో లేదో చూస్తుంది. పూర్తికాకపోతే ఏదో పెద్ద తప్పు జరిగిందని కంప్యూటర్‌ను రీసెట్ చేస్తుంది. రెండూ పై ప్రయారిటీలో ఉండేవి. వాతావరణ సమాచారం సేకరించే టాస్కుది బాగా తక్కువ ప్రయారిటీ. మధ్యలో ఇంకా కొన్ని టాస్కులుండేవి.

వాతావరణ డేటా సేకరణ మొదలైన కొద్ది రోజులకే రీసెట్లు మొదలయ్యాయి. జరిగింది ఇది. వాతావరణ టాస్కు, టాస్కుల మధ్య డేటా మార్చుకునే పైపులోంచి డేటా తీసుకోవడానికి `select()` పిలిచింది. ఆ పిలుపు లోపల వీఎక్స్‌వర్క్స్ ఒక మ్యూటెక్స్ తీసుకుంటుంది. అది వదిలేలోపు మధ్య ప్రయారిటీ టాస్కులు సిద్ధమై దాన్ని దించేశాయి. మ్యూటెక్స్ దాని చేతిలోనే ఉండిపోయింది. తర్వాత `bc_dist` వచ్చి వాతావరణ డేటాను అదే పైపులోకి రాయబోయింది. దానికీ ఆ మ్యూటెక్సే కావాలి. దొరక్క వెయిటింగ్‌లోకి వెళ్లింది. ఆ క్షణంలో షెడ్యూలర్‌కు రెడీ క్యూలో కనిపించింది ఎవరు? మధ్య ప్రయారిటీ టాస్కులు, వాటికింద వాతావరణ టాస్కు. నియమం ప్రకారం మధ్యవాటినే నడిపించింది. అవి నడుస్తుంటే వాతావరణ టాస్కు మ్యూటెక్స్ వదల్లేదు. అది వదలకపోతే `bc_dist` కదల్లేదు. ఈలోగా చక్రం తిరిగి `bc_sched` లేచి, పంపకం పూర్తికాలేదని చూసి రీసెట్ కొట్టింది.

దీన్ని డెడ్‌లాక్ అనడం తప్పు. వలయం ఎక్కడా లేదు. మధ్య టాస్కులు ఎవరి కోసమూ ఆగలేదు, వాటికి ఆ మ్యూటెక్స్‌తో సంబంధమే లేదు. అవి ముగిస్తే అంతా సర్దుకునేది. దీని పేరు ప్రయారిటీ ఇన్వర్షన్. తీవ్రత అంకెల్లో ఇలా ఉంటుంది. కింది టాస్కు లాక్ పట్టుకుని చేయాల్సిన పని 2 మిల్లీసెకన్లే అనుకుందాం. మధ్య టాస్కు లేకపోతే పై టాస్కు మహా అయితే 2 మిల్లీసెకన్లు ఆగుతుంది. లాక్ వాడుకోవాలంటే ఆ మాత్రం తప్పదు. మధ్యలో 40 మిల్లీసెకన్ల పని ఉన్న టాస్కు దూరితే నిరీక్షణ 42 అవుతుంది. అలాంటివి నాలుగు దూరితే 162. చక్రం గడువు 125 అయినప్పుడు అక్కడితో సరి. ఆలస్యానికి హద్దు లేకపోవడమే అసలు సమస్య. లాక్ పట్టుకున్న కోడ్‌ను ఎంత చిన్నగా రాసినా ఆ హద్దు రాదు.

నేల మీద ఉన్న నమూనా యంత్రంలో ట్రేసింగ్ పెట్టి ఇంజినీర్లు దీన్ని మళ్లీ రప్పించి పట్టుకున్నారు. ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ ఈ రీసెట్ కనిపించింది. కానీ వెతుకుదామంటే మళ్లీ రాలేదు. బ్యాంకు ఖాతాల ఉదాహరణలో చూసిన చిన్న సందు కథే ఇదీ.

పరిష్కారం ఆపరేటింగ్ సిస్టమ్‌లో అప్పటికే ఉంది. వీఎక్స్‌వర్క్స్‌లో మ్యూటెక్స్ సృష్టించేటప్పుడు `SEM_INVERSION_SAFE` అనే ఆప్షన్ ఇస్తే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ పనిచేస్తుంది. `select()` లోపలి మ్యూటెక్స్‌కు అది డిఫాల్ట్‌గా లేదు. ఆ ఆప్షన్లను నిర్ణయించే గ్లోబల్ వేరియబుల్ విలువ మార్చే ప్యాచ్‌ను భూమి నుంచి పంపారు. రీసెట్లు ఆగాయి.

ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ చేసేది ఇది: పై టాస్కు లాక్ కోసం ఆగిన మరుక్షణం, ఆ లాక్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకు తాత్కాలికంగా పై టాస్కు ప్రయారిటీయే వస్తుంది. వాతావరణ టాస్కు `bc_dist` స్థాయికి ఎక్కి, మధ్యవాటిని దాటి నడిచి, మ్యూటెక్స్ వదిలి, మళ్లీ తన స్థాయికి దిగుతుంది. నిరీక్షణ 42 నుంచి 2కి వస్తుంది. మొదట్లో అనుకున్న మాటతో కలిపి చూస్తే, ఇది షెడ్యూలర్‌కు కనిపించని క్యూలోని సమాచారాన్ని కనిపించే క్యూలోకి చేరవేయడమే. ఆగిపోయినవాడి ప్రయారిటీ, వాడిని ఆపినవాడి ద్వారా లెక్కలోకి వస్తుంది. ఈ పద్ధతిని లూయీ షా, రాజ్‌కుమార్, లెహోట్‌స్కీ 1990లో ప్రచురించిన పత్రంలో గణితపరంగా విశ్లేషించారు. లినక్స్‌లో యూజర్ ప్రోగ్రామ్‌లు మ్యూటెక్స్ అట్రిబ్యూట్‌ను `PTHREAD_PRIO_INHERIT`గా పెట్టి దీన్ని అడగొచ్చు. అడగకపోతే రాదు.

సాధారణ లినక్స్ ప్రాసెస్‌లకు కచ్చితమైన ప్రయారిటీలు ఉండవు, వాటాలుంటాయి కాబట్టి అక్కడ ఈ సమస్య లేదని కొందరంటారు. పూర్తిగా నిజం కాదు. అక్కడ నైస్ విలువ పెరిగేకొద్దీ ప్రాసెస్ వాటా తగ్గుతుంది. నైస్ విలువ 0 ఉన్న ప్రాసెస్ బరువు 1024, నైస్ 19 ఉన్నదాని బరువు 15. ఒకే కోర్ మీద ఈ రెండూ పోటీపడితే రెండోదానికి దక్కేది 1039లో 15 వాటా, అంటే సుమారు 1.4 శాతం. దాని చేతిలో లాక్ ఉండి, చేయాల్సిన పని 2 మిల్లీసెకన్లే అయినా, ఆ వాటాతో అది ముగియడానికి దాదాపు 139 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లాక్ కోసం ఆగినవాళ్లందరికీ అంతే. వాటాల పద్ధతి ఆలస్యానికి హద్దు ఇస్తుంది, కానీ ఆ హద్దు చిన్నదేమీ కాదు. రాత్రి బ్యాకప్ పనిని `nice -n 19` పెట్టి నడిపిస్తూ, అది ముఖ్యమైన ప్రోగ్రామ్‌తో ఏదైనా లాక్ పంచుకుంటుంటే, మర్యాదకని పెట్టిన నైసే మందగింపుకు కారణమవుతుంది.

ఇన్‌హెరిటెన్స్‌కూ పరిమితులున్నాయి. పై టాస్కుకు మూడు లాకులు కావాలనుకుంటే, ఆ మూడూ మూడు వేర్వేరు కింది టాస్కుల చేతిలో ఉండొచ్చు. అప్పుడు ఒక్కొక్కదాని దగ్గరా ఆగుతూ పోవాలి. పైగా అది డెడ్‌లాక్‌ను ఆపదు. 101, 202 ఖాతాల వలయంలో ఇద్దరికీ ఒకరి ప్రయారిటీ ఇంకొకరికి ఇచ్చినా, ఇద్దరూ వెయిటింగ్‌లోనే ఉంటారు. రెడీ క్యూలో లేనివాడికి ప్రయారిటీ పెంచి ఏం లాభం?

ఈ రెండింటినీ ఒకేసారి తీర్చే పద్ధతి ప్రయారిటీ సీలింగ్. ప్రతి లాక్‌కూ దాన్ని ఎప్పటికైనా వాడబోయే టాస్కులన్నిటిలో అత్యధిక ప్రయారిటీని సీలింగ్‌గా రాసిపెడతారు. దీని తేలిక రూపంలో, ఎవరు లాక్ తీసుకున్నా ఆ క్షణమే వాళ్ల ప్రయారిటీ సీలింగ్ దాకా పెరుగుతుంది, ఇంకొకరు వచ్చి ఆగేదాకా చూడదు. ఒకే సీపీయూ మీద, లాక్ పట్టుకుని ఎవరూ నిద్రపోనంతవరకు, ఆ లాక్ కావాల్సిన మరో టాస్కు అసలు సీపీయూ ఎక్కలేదు. ఎక్కనివాడు రెండో లాక్ పట్టుకోలేడు, కాబట్టి వలయమే ఏర్పడదు. వెయిటింగ్ క్యూలోకి వెళ్లాల్సిన పరిస్థితినే షెడ్యూలర్ తన రెడీ క్యూలో ఆపేస్తుంది. పోసిక్స్‌లో దీని పేరు `PTHREAD_PRIO_PROTECT`, సీలింగ్ విలువను `pthread_mutexattr_setprioceiling`తో ఇస్తారు.

అయితే ఏ లాక్‌ను ఎవరు వాడతారో ముందే తెలియాలి. టాస్కుల జాబితా డిజైన్ రోజునే ఖరారయ్యే కారు బ్రేక్ కంట్రోలర్ లాంటి చోట అది తెలుస్తుంది, అందుకే కార్ల కోసం రూపొందిన ఓసెక్ ప్రమాణం వనరులకు ఈ సీలింగ్ పద్ధతినే పెట్టింది. లైబ్రరీలు నడుస్తుండగా లోడ్ అయ్యే, థ్రెడ్‌లు అవసరాన్ని బట్టి పుట్టే వెబ్ సర్వర్‌లో ఆ జాబితా ఎవరి దగ్గరా ఉండదు. అక్కడ చేయగలిగింది లాకుల వరుసను కోడ్‌లోనే కట్టుదిట్టం చేయడం, రియల్ టైమ్ ప్రయారిటీ ఉన్న థ్రెడ్‌లు పంచుకునే మ్యూటెక్స్‌లకు ఇన్‌హెరిటెన్స్ పెట్టడం. అనేక కోర్లుంటే సీలింగ్ హామీ కూడా సడలుతుంది, ఎందుకంటే ఒక కోర్ మీద ప్రయారిటీ ఎంత పెంచినా పక్క కోర్ మీద నడిచే థ్రెడ్‌ను అది ఆపలేదు.